క్లౌడ్, డెవాప్స్ ఇంజనీరు రెజ్యూమె: పరిమాణం, అప్‌టైమ్, ఆటోమేషన్ ఫలితాలను అంకెల్లో రాయడం

పాఠ్యాంశ ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
- మీరు నిర్వహించిన వ్యవస్థ పరిమాణాన్ని సరిగ్గా లెక్కించి రాయగలుగుతారు.
- అప్‌టైమ్ శాతాన్ని నిమిషాల్లోకి మార్చి, అది నిజమో కాదో పరీక్షించగలుగుతారు.
- ఆటోమేషన్ వల్ల ఆదా అయిన సమయాన్ని చూపగలుగుతారు.

1. పరిచయం

క్లౌడ్ ఉద్యోగాలకు వచ్చే రెజ్యూమెల్లో తరచుగా కనిపించే వాక్యం ఇది: "ఏడబ్ల్యూఎస్, డాకర్, కుబర్నెటిస్, జెన్కిన్స్, టెర్రాఫార్మ్‌లలో పనిచేశాను." దీనిలో అబద్ధం లేకపోవచ్చు. కానీ ఈ అభ్యర్థి రెండు సర్వర్లను చూసుకున్నాడా, రెండు వందల సర్వర్లను చూసుకున్నాడా అన్నది దీన్నిబట్టి తెలియదు. అతను వచ్చాక ఏం మారిందో కూడా తెలియదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లోని ఒక చిన్న సంస్థలో రెండేళ్లుగా పనిచేస్తున్న ఒక ఇంజనీరును ఊహించుకోండి. వినియోగదారులు బిల్లులు చెల్లించే యాప్‌ను ఆ సంస్థ నడుపుతోంది. ఆ ఇంజనీరు రెజ్యూమెలో పై వాక్యమే ఉంది. దాన్ని మూడు అంచెల్లో మార్చి చూద్దాం. రెజ్యూమెను సాధారణంగా ఇంగ్లీషులోనే పంపుతారు. ఇక్కడ విషయం అర్థం కావడానికి వాక్యాలను తెలుగులో ఇస్తున్నాం.

2. పరిమాణం: ఎంత పెద్ద వ్యవస్థ?

పరిమాణాన్ని జ్ఞాపకం మీద ఆధారపడి రాయకూడదు. వ్యవస్థనే అడగాలి. కుబర్నెటిస్ క్లస్టర్‌లో ఎన్ని నోడ్లు ఉన్నాయో, టెర్రాఫార్మ్ కింద ఎన్ని వనరులు ఉన్నాయో ఈ ఆదేశాలు చెబుతాయి:

```
kubectl get nodes --no-headers | wc -l
terraform state list | wc -l
```

వచ్చిన అంకెను యథాతథంగా రాసేయకండి. ఆటోస్కేలింగ్ ఉంటే నోడ్ల సంఖ్య రోజంతా ఒకేలా ఉండదు. మన ఉదాహరణలో రాత్రి 8 నోడ్లు ఉంటాయి, నెల మొదటి వారంలో బిల్లులు కట్టే రద్దీకి అవి 14కు పెరుగుతాయి. అప్పుడు "8 నుంచి 14 నోడ్లు" అని రాయడమే సరైనది. అలా రాస్తే ఆటోస్కేలింగ్ అమలులో ఉన్న సంగతి కూడా చదివేవారికి తెలుస్తుంది. రెండో ఆదేశం విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. అది `data.` తో మొదలయ్యే అంశాలను కూడా లెక్కలో కలుపుతుంది. అవి మీరు సృష్టించినవి కావు, టెర్రాఫార్మ్ చదివి తెచ్చుకున్న సమాచారం మాత్రమే. కాబట్టి వాటిని తీసివేసి లెక్కించాలి.

యంత్రాల సంఖ్యతో పాటు వాటిపై పడే భారాన్ని కూడా చెప్పాలి. 14 నోడ్ల మీద ఎవరూ వాడని పరీక్షా వ్యవస్థ నడవడం వేరు, రద్దీ వేళ సెకనుకు 400 అభ్యర్థనలు రావడం వేరు.

3. అప్‌టైమ్: శాతం వెనక నిమిషాలు

రెజ్యూమెలో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. "99.99 శాతం అప్‌టైమ్ సాధించాను" అని చాలామంది అలవాటుగా రాస్తారు. అంటే ఏమిటో లెక్క వేద్దాం. 30 రోజుల నెలలో 43,200 నిమిషాలు ఉంటాయి.

- 99.9 శాతం అంటే నెలకు 43.2 నిమిషాల అంతరాయం.
- 99.99 శాతం అంటే నెలకు 4.32 నిమిషాల అంతరాయం.

నాలుగు నిమిషాలంటే, అలర్ట్ ఫోన్‌కు వచ్చి, ఇంజనీరు నిద్రలేచి, ల్యాప్‌టాప్ తెరిచేలోపే గడిచిపోయే సమయం. కాబట్టి ఈ స్థాయికి చేరాలంటే మనిషి ప్రమేయం లేకుండా రెండో సర్వర్‌కు మారే ఏర్పాటు ఉండాలి. ఆ ఏర్పాటు లేని వ్యవస్థకు 99.99 అని రాస్తే, అనుభవం ఉన్న ఇంటర్వ్యూ అధికారి "ఫెయిలోవర్ ఎలా జరుగుతుంది?" అని అడుగుతారు. జవాబు లేకపోతే మిగతా రెజ్యూమె మీద కూడా నమ్మకం పోతుంది.

మన ఉదాహరణలోని ఇంజనీరు తన సంస్థ ఘటనల నివేదికలు తీసి చూశాడనుకుందాం. 90 రోజుల్లో రెండు అంతరాయాలు కనిపించాయి. ఒకటి 34 నిమిషాలు, రెండోది 16 నిమిషాలు. మొత్తం 50 నిమిషాలు.

90 రోజులు = 1,29,600 నిమిషాలు
50 ÷ 1,29,600 × 100 = సుమారు 0.04 శాతం
అప్‌టైమ్ = 99.96 శాతం

ఇదే కాలంలో ముందుగా ప్రకటించి 40 నిమిషాల పాటు మరమ్మతు కోసం యాప్‌ను ఆపారు. దాన్ని కూడా కలిపితే అంతరాయం 90 నిమిషాలై, అప్‌టైమ్ 99.93 శాతం అవుతుంది. రెండు అంకెలూ సరైనవే. అయితే ఏది రాస్తున్నారో స్పష్టంగా చెప్పాలి.

ఎలా కొలిచారన్నది కూడా ముఖ్యమే. ఐదు నిమిషాలకు ఒకసారి మాత్రమే యాప్‌ను తనిఖీ చేసే ఏర్పాటు, రెండు తనిఖీల మధ్య వచ్చి పోయిన మూడు నిమిషాల అంతరాయాన్ని పట్టుకోలేదు. అలాంటి కొలతతో 99.99 అని చెప్పడానికి ఆధారం ఉండదు. అలాగే క్లౌడ్ సంస్థ తన ఒప్పందంలో ఇచ్చే అప్‌టైమ్ హామీ ఆ సంస్థ సేవకు సంబంధించినది. దాన్ని మీ యాప్ ఫలితంగా రాయకూడదు.

4. ఆటోమేషన్: ముందు, తర్వాత

ఆటోమేషన్ ఫలితం చూపాలంటే మార్పుకు ముందు ఉన్న స్థితి తెలియాలి. మన ఉదాహరణలో ఇంతకుముందు కొత్త వెర్షన్‌ను సర్వర్లకు చేర్చడానికి ఒక ఇంజనీరు 45 నిమిషాలు కూర్చుని పనిచేయాల్సి వచ్చేది. పైప్‌లైన్ నిర్మించాక అదే పని 12 నిమిషాల్లో పూర్తవుతోంది. అందులో మనిషి వెచ్చించేది, పరిశీలించి అనుమతి ఇవ్వడానికి పట్టే 5 నిమిషాలే.

ఇక్కడ రెండు రకాల సమయాలు ఉన్నాయని గమనించండి. పని పూర్తయ్యే సమయం 45 నుంచి 12 నిమిషాలకు తగ్గింది. మనిషి శ్రమ 45 నుంచి 5 నిమిషాలకు తగ్గింది. వారానికి 6 విడుదలలు ఉంటే, శ్రమ 270 నిమిషాల నుంచి 30 నిమిషాలకు తగ్గినట్టు. అంటే వారానికి 4 గంటల ఆదా.

వేగం పెరిగి తప్పులు కూడా పెరిగితే ప్రయోజనం లేదు. అందుకే వెనక్కి తీసుకోవాల్సి వచ్చిన విడుదలల సంఖ్య కూడా ఇవ్వాలి. అంతకుముందు మూడు నెలల్లో 78 విడుదలల్లో 8, తర్వాత మూడు నెలల్లో 80లో 3. ఇంత చిన్న సంఖ్యలను శాతాలుగా మార్చి "60 శాతం మెరుగుదల" అనేకంటే అసలు లెక్క రాయడమే మేలు.

5. మార్చిన వాక్యాలు

- రద్దీ వేళ సెకనుకు 400 అభ్యర్థనలు అందుకునే చెల్లింపుల యాప్ కోసం 8 నుంచి 14 నోడ్ల కుబర్నెటిస్ క్లస్టర్‌ను ముగ్గురు సభ్యుల బృందంలో నిర్వహించాను.
- 90 రోజుల్లో 99.96 శాతం అప్‌టైమ్ (ముందుగా ప్రకటించిన మరమ్మతు మినహా). నిమిషానికోసారి బయటినుంచి తనిఖీ.
- విడుదల పైప్‌లైన్‌ను సొంతంగా నిర్మించాను: ఒక్కో విడుదలకు మనిషి శ్రమ 45 నుంచి 5 నిమిషాలకు తగ్గింది, వెనక్కి తీసుకున్న విడుదలలు 78లో 8 నుంచి 80లో 3కు తగ్గాయి.

మొదటి వాక్యంలో "బృందంలో", మూడో దానిలో "సొంతంగా" అన్న మాటలు ఎందుకున్నాయో గమనించండి. అప్‌టైమ్ బృందం మొత్తం ఫలితం, పైప్‌లైన్ అతని పని. సర్వర్ల పేర్లు, ఐపీ చిరునామాలు, ఖాతా సంఖ్యలు, కస్టమర్ల పేర్లు రెజ్యూమెలో ఉండకూడదు. సంస్థ బయటపెట్టని అంకెలు ఉంటే వాటిని స్థూలంగా రాయండి, లేదా వదిలేయండి.

మీ అభ్యసనాన్ని పరీక్షించుకోండి

1. 30 రోజుల్లో ఒక యాప్ 108 నిమిషాలు ఆగిపోయింది. అప్‌టైమ్ ఎంత?
2. పై అభ్యర్థి "99.9 శాతం" అని రాయవచ్చా? ఎందుకు?

జవాబులు: 1. 108 ÷ 43,200 × 100 = 0.25, అప్‌టైమ్ 99.75 శాతం. 2. రాయకూడదు, 99.9 శాతానికి అనుమతించే అంతరాయం 43.2 నిమిషాలే.