చేబదులు తిరిగి అడిగే పద్ధతి

వడ్డీ లేకుండా, నోటు రాసుకోకుండా, గడువు చెప్పుకోకుండా స్నేహితుల మధ్య చేతులు మారే డబ్బునే చేబదులు అంటారు. బ్యాంకు అప్పుకి వాయిదా తేదీ ఉంటుంది, చిట్టీకి పాట రోజు ఉంటుంది. చేబదులుకి ఉండేదల్లా ‘చూసుకుని ఇచ్చేస్తాలే’ అన్న మాటే. అందుకే అది ఏ రోజు పాతబడిందో ఎవరికీ తెలియదు. ఆరు నెలలు దాటాక ఇచ్చినవాడికి అడగాలంటే మొహమాటం, తీసుకున్నవాడికి ఎదురుపడాలంటే సిగ్గు. ఏడాది దాటితే ఇద్దరూ ఒకరి ఫోన్ ఒకరు ఎత్తడానికి ఆలోచించే స్థితి వస్తుంది. చేబదులు వల్ల చెడిన స్నేహాల్లో చాలావరకు అడిగినందుకు చెడలేదు, అడగకుండా నానబెట్టినందుకు చెడ్డాయి.

ఈ మౌనంలో ఇద్దరి జ్ఞాపకాలూ చెరో దారి పడతాయి. స్నేహితులు, బంధువుల మధ్య అప్పులపై లిండా డేజో, జార్జ్ లోవెన్‌స్టీన్ 2012లో ప్రచురించిన పరిశోధన ఇలాంటి తేడానే చూపింది. అప్పు గురించి ఇచ్చినవారు చెప్పేదీ తీసుకున్నవారు చెప్పేదీ ఒకేలా ఉండదు, తీసుకున్నవారి లెక్క వాళ్లకే అనుకూలంగా ఒరుగుతుంది. ఇందులో మోసం ఉండనక్కర్లేదు. ఎదుటివాడు అడగడం లేదంటే అతనికి అంత అవసరం లేదనుకోవడం మనిషికి సహజం. ఇచ్చినవాడు అదే మౌనాన్ని తన ఓర్పుగా లెక్కేసుకుంటాడు. ఆ ఓర్పు ఒకరోజు తెగి మాట పడినప్పుడు, తీసుకున్నవాడికి అది ఉన్నట్టుండి వచ్చిన కోపంలా కనిపిస్తుంది.

ఆలస్యానికి చట్టం వైపు నుంచి కూడా ఒక హద్దుంది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం గడువు పెట్టుకోని చేబదులుకి దావా వేసే వీలు డబ్బు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లే. అడిగిన రోజు నుంచి లెక్క మొదలవుతుందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. స్నేహితుడిపై దావా వేసే ఉద్దేశం ఎవరికీ ఉండకపోవచ్చు. అయినా ఈ మూడేళ్ల లెక్క తెలిసినవాడు రెండో ఏడాదిలోనే నెమ్మదిగా అడుగుతాడు. తెలియనివాడు మూడో ఏడాది చివర ఎవరో హెచ్చరించాక కంగారుగా, కటువుగా అడుగుతాడు.

అడగడంలో అందరూ చేసే పని ‘ఎప్పుడిస్తావు?’ అనడం. వినడానికి సాధారణంగానే ఉన్నా ఎక్కువ నష్టం చేసే ప్రశ్న ఇదే. చేతిలో డబ్బు లేని మనిషిని తేదీ అడిగితే, ఆ ఇబ్బంది నుంచి బయటపడడానికి ఏదో ఒక తేదీ చెబుతాడు. వచ్చే నెల అంటాడు, పంట రాగానే అంటాడు, బోనస్ పడగానే అంటాడు. ఆ తేదీ తప్పుతుంది. అప్పుడు డబ్బు బాకీకి తోడు మాట తప్పిన భారం కూడా అతని మీద పడుతుంది. రెండు తేదీలు తప్పాక అతను ఫోన్ ఎత్తడం మానేస్తాడు. ఎగ్గొట్టాలని కాదు, మూడో అబద్ధం చెప్పలేక. దాని బదులు ‘నెలకి ఎంతైతే ఇబ్బంది లేకుండా ఇవ్వగలవు?’ అని అడిగితే, అతను తన జీతం, ఖర్చులు చూసుకుని జవాబు చెప్పాల్సి వస్తుంది. అలా లెక్క చూసుకుని చెప్పిన మాట నిలబడే అవకాశం ఎక్కువ.

ఎక్కడ అడగాలన్నదీ ముఖ్యమే. పెళ్లిలోనో స్నేహితుల గుంపులోనో నవ్వుతూ అంటించే మాట అడగడం కాదు, పదిమందిలో తలదించుకునేలా చేయడం. అతని భార్యకో తమ్ముడికో చెప్పి పంపడం ఇంకా చెడ్డది, ఆ అప్పు సంగతి వాళ్లకి తెలియకపోవచ్చు కూడా. కొత్త బండి కొన్నాడని తెలిసిన రోజు అడిగితే, మాట డబ్బు మీద నుంచి బండి మీదికి మళ్లుతుంది. లేని అవసరం కల్పించి అడగడం కూడా మంచిది కాదు. ‘మా అమ్మకి ఒంట్లో బాగోలేదు’ అని అబద్ధం చెప్పి వసూలు చేస్తే, నిజం బయటపడ్డ రోజు తప్పు ఇచ్చినవాడి వైపుకి వస్తుంది. తన డబ్బు తాను అడగడానికి కారణం చూపాల్సిన పని లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరులో టైలరింగ్ షాపు నడిపే ఒకతను 2023 జూన్ 10న తనతో చదువుకున్న స్నేహితుడికి 60,000 రూపాయలు ఫోన్ నుంచి పంపాడనుకోండి. స్నేహితుడి తండ్రి ఆపరేషన్‌కి అవసరమైంది. అతను ఒక గోడౌన్‌లో గుమాస్తా, జీతం 22,000. ఇప్పుడు 2026 జనవరి. అంటే మూడేళ్లకి ఇంకా ఐదు నెలలే ఉంది. టైలర్ ముందుగా ఫోన్ చేసి ‘ఆదివారం పొద్దున్న ఖాళీగా ఉంటావా? డబ్బు సంగతి ఒకటి మాట్లాడాలిరా’ అని చెబుతాడు. విషయం ముందే చెప్పడం అవసరం. టీకి పిలిచి మధ్యలో అప్పు ఎత్తితే, తర్వాత ఎప్పుడు టీకి పిలిచినా అవతలివాడికి అనుమానమే వస్తుంది.

కలిశాక చెప్పాల్సింది నాలుగు మాటలే. ‘నాన్న ఆపరేషన్‌కి పంపిన అరవై వేలు అలాగే ఉన్నాయిరా. ఒకేసారి ఇవ్వమని అనను. నెలకి ఎంతైతే నీకు కష్టం లేదో చెప్పు, అలాగే చేద్దాం.’ మొత్తం ఎంతో స్పష్టంగా చెప్పాలి. ‘మన సంగతేంటి మరి’ లాంటి డొంకతిరుగుడు మాట, విననట్టు ఉండిపోవడానికి అవతలివాడికి దారి ఇస్తుంది. ఆ తర్వాత టైలర్ ఆగాలి. మొహమాటం కొద్దీ ‘తొందరేం లేదులే’ అని కలిపితే అప్పటిదాకా అన్నదంతా చెరిగిపోతుంది.

సిగ్గుతో ఆ స్నేహితుడు ‘నెలకి పదివేలు ఇచ్చేస్తా’ అనొచ్చు. ఇక్కడ ఇచ్చినవాడే తగ్గించాలి. 22,000 జీతంలో ఇంటద్దె, పిల్లల ఫీజు పోను పదివేలు మిగలవని ఇద్దరికీ తెలుసు. రెండో నెలకే తప్పే పదివేల కంటే తప్పకుండా వచ్చే మూడు వేలు నయం. జీతం పడ్డాక 7వ తేదీకల్లా మూడు వేలు చొప్పున అనుకుంటే 20 నెలల్లో, అంటే 2027 ఆగస్టుకి బాకీ తీరుతుంది. మొదటి మూడు వేలు వీలైతే ఆ రోజే పంపించుకోవాలి. ఆ మొత్తం చిన్నదే అయినా, ఆగిపోయిన వ్యవహారం కదిలిందన్న ధీమా ఇద్దరికీ వస్తుంది. డబ్బు బ్యాంకు ద్వారానే నడవడం మంచిది. 20,000 లేదా అంతకు మించిన అప్పు నగదుగా తీసుకోవడానికీ తీర్చడానికీ ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు.

కాగితం మాట ఎత్తడానికి తగిన సమయం కూడా మొదటి కంతు రోజే. బాకీ ఉందని ఒప్పుకుంటూ రుణగ్రస్తుడు మూడేళ్ల లోపు రాసి సంతకం చేస్తే, ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. కొంత చెల్లించినా అదే ఫలితం ఉంటుంది, కానీ ఆ చెల్లింపు అతని చేతిరాతతోనో సంతకంతోనో నమోదై ఉండాలని చట్టం అంటుంది. ఫోన్‌లో పంపిన మూడు వేలు ఏ లెక్కలోవన్నది ఖాతా పుస్తకం ఒక్కటే చెప్పలేదు. కాబట్టి రెండు కాగితాలు రాసుకోవడం మేలు. ఒకదానిపై స్నేహితుడు ‘2023 జూన్ 10న చేబదులుగా తీసుకున్న 60,000 రూపాయల్లో ఈ రోజు 3,000 చెల్లించాను, ఇంకా 57,000 ఇవ్వాలి’ అని రాసి, తేదీ వేసి సంతకం చేస్తాడు. రెండోదానిపై టైలర్ ‘3,000 ముట్టాయి’ అని సంతకం చేసి ఇస్తాడు. ఒకరి దగ్గరే సంతకం తీసుకుంటే నమ్మకం లేనట్టు ఉంటుంది. ఇద్దరూ చేస్తే అది రసీదు. వాట్సాప్‌లో రాసుకున్నది జ్ఞాపకానికి పనికొస్తుంది, కానీ సిరా సంతకం మీద పేచీకి తావు తక్కువ.

కంతు తప్పినప్పుడు చాలామంది చేసే పొరపాటు రెండు మూడు నెలలు ఊరుకోవడం. అలా ఊరుకుంటే మళ్లీ మొదటి మౌనమే వస్తుంది. వారంలోపే ‘ఈ నెల కుదరలేదా? వెయ్యి పంపినా పర్వాలేదు’ అని ఒక్క మాట అనాలి. ఇవ్వలేని మనిషికీ ఇవ్వదలచుకోని మనిషికీ తేడా ఇక్కడే కొంత తెలుస్తుంది. ఇవ్వలేనివాడు ఆలస్యంగానైనా జవాబిస్తాడు, ఎంతో కొంత పంపుతాడు, అంకె మీద పేచీ పెట్టడు. ఇవ్వదలచుకోనివాడు ‘నీకేం తక్కువరా’ అంటాడు, మొత్తం అంత కాదంటాడు, అడగడమే తప్పన్నట్టు కోపం తెచ్చుకుంటాడు. ఒక్కసారి కోపగించుకున్నంత మాత్రాన ఈ లెక్కలో వేయకూడదు. సిగ్గు కూడా కోపంలాగే బయటికి వస్తుంది.

రెండో రకమని తేలితే లాయరు నోటీసు కంటే ముందు మరో దారి ఉంది. ఇద్దరికీ నమ్మకమున్న ఒక పెద్దమనిషిని, అవతలివాడికి చెప్పి మరీ, కూర్చోబెట్టడం. అదీ కుదరకపోతే న్యాయ సేవల సంస్థకి అర్జీ పెట్టుకోవచ్చు. కోర్టుల ఆవరణల్లోనే ఈ సంస్థల కార్యాలయాలు ఉంటాయి. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో ఇలాంటి తగాదాలు తీసుకుంటారు, ఫీజు ఉండదు. రాజీ కుదిరితేనే అక్కడ అవార్డు ఇస్తారు. ఇచ్చాక దానికి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, అప్పీలు ఉండదు. పోలీసు స్టేషన్‌కి వెళ్లి బెదిరించాలన్న ఆలోచన మాత్రం మానుకోవాలి. బాకీ ఎగవేత ఒక్కటే అయితే అది సివిల్ వ్యవహారం, పైగా ఆ మెట్టెక్కాక స్నేహం దాదాపు మిగలదు. మూడేళ్లు దాటిపోయినా అంతా పోయినట్టు కాదు. పాత బాకీ చెల్లిస్తానని అతను కొత్తగా రాసి సంతకం చేస్తే, 1872 కాంట్రాక్టు చట్టం ఆ మాటకి విలువిస్తుంది.

అవతలివాడి పరిస్థితి నిజంగా చితికిపోయి ఉంటే కొంతో అంతో వదిలేయాలని అనిపించవచ్చు. అలాగైతే పైకి చెప్పి వదలాలి. ‘ఇరవై వేలు మాఫీ, మిగతా నలభై నెమ్మదిగా ఇవ్వు’ అంటే తీసుకున్నవాడికి తానెక్కడున్నాడో తెలుస్తుంది. మనసులోనే మాఫీ చేసుకుంటే ఇచ్చినవాడిలో కినుక మిగిలిపోతుంది. రెండోవాడు ఇంకా బాకీ ఉన్నానన్న భయంతో తప్పించుకుని తిరుగుతూనే ఉంటాడు.

చివరి కంతు వచ్చిన రోజు, స్నేహితుడు సంతకం చేసిన కాగితం వెనక ‘పూర్తిగా చెల్లు’ అని రాసి, తేదీతో సంతకం చేసి, దాన్ని అతనికే తిరిగి ఇచ్చేయాలి. మధ్యలో ప్రోనోటు రాయించుకుని ఉంటే దానికీ ఇదే పద్ధతి.