అరిసెలు ఆలస్యమైతే ఏమని రాయాలి?

సంక్రాంతికి వారం ముందు పిండివంటలు అమ్మే ఇళ్లలో ఫోన్ ఆగకుండా మోగుతుంది. “మా అరిసెలు ఎప్పుడొస్తాయండీ?” అన్నదే అందరి ప్రశ్న. దానికి చాలామంది అమ్మకందారులు పంపే జవాబూ ఒక్కటే: “పండుగ రద్దీ వల్ల ఆలస్యమవుతోంది. త్వరలోనే పంపిస్తాం. సహకరించగలరు.” ఆ జవాబుతో కొనేవారికి తెలిసిందేమీ లేదు. కూతురింటికి సారె పంపాలనుకున్న తల్లి ఈ అరిసెల కోసం ఆగాలా, వేరేచోట కొనుక్కోవాలా అన్నది తేల్చుకోలేదు. అందుకే మర్నాడు మళ్లీ ఫోన్ చేస్తుంది.

ఆమెకు కావలసింది తేదీ. దాన్ని నోటికొచ్చినట్టు చెప్పకూడదు, లెక్క కట్టి చెప్పాలి.

గోదావరి జిల్లాలో ఒక ఇంటి వ్యాపారం ఉందనుకుందాం. ఆ ఏడాది భోగి జనవరి 14, బుధవారం వచ్చింది. 10వ తేదీకి ఇస్తామని ఒప్పుకున్న కిలో ప్యాకెట్లు 8వ తేదీ రాత్రికి ఇంకా 90 మిగిలాయి. రోజుకు తయారయ్యేవి 30 కిలోలే. మనుషుల్ని పెంచితే సరిపోదా అనిపిస్తుంది కానీ, అరిసెల పని అలా లొంగదు. బియ్యం ముందురోజే నానబోయాలి. వడగట్టి, తడి ఆరకముందే పిండి కొట్టి జల్లించాలి. పిండి ఆరితే అరిసె విరుగుతుంది, పాకం తప్పితే నూనెలో విడిపోతుంది. వేయించినవాటిని చెక్కల మధ్య నొక్కి నూనె తీసి, పూర్తిగా చల్లారాకే కట్టాలి. వేడిమీద మూత పెడితే చెమ్మ పట్టి పాడవుతాయి. నానిన బియ్యం ఎంతుందో ఆ రోజు పని అంతే. ఎంత తొందరపడినా తేదీని నిర్ణయించేది ఆ నానబోసిన బియ్యమే.

9న చేసిన 30 కిలోలు 10న బయల్దేరతాయి. హైదరాబాద్‌కు కొరియర్ రెండు రోజులు తీసుకుంటే 12న చేరతాయి. పండుగ ముందు బండ్లు నిండిపోతాయి కాబట్టి ఇంకో రోజు కలుపుకుని 13 అని రాయాలి. రెండో విడతకు ఇదే లెక్కన 14, అంటే భోగి రోజు వస్తుంది. మూడో విడతకు 15 వస్తుంది. అది పెద్ద పండుగ, ఆ రోజు కొరియర్ తలుపు తడుతుందని నమ్మడానికి లేదు. ఇక్కడ చాలామంది ఉన్న 90 మందికీ “13కల్లా వచ్చేస్తాయి” అని ఒకే మాట పంపేస్తారు. మొదటి ఆలస్యాన్ని పండుగ రద్దీ అని మన్నించినవారు కూడా రెండోసారి తేదీ తప్పితే నమ్మరు. అందుకే విడతకో తేదీతో విడివిడిగా రాయాలి.

మొదటి విడతవారికి ఇలా రాయవచ్చు:

“నమస్కారమండీ. జనవరి 10న ఇస్తామన్న మీ కిలో అరిసెలు ఆ రోజుకు అందించలేకపోతున్నాం. మేం చేయగలిగినదానికంటే ఎక్కువ ఆర్డర్లు ఒప్పుకున్నాం. తప్పు మాదే, క్షమించండి. మీ ప్యాకెట్ జనవరి 13, మంగళవారం సాయంత్రానికి మీ ఇంటికి చేరుతుంది. అప్పటిదాకా ఆగలేమనుకుంటే రేపు ఉదయం 10 లోపు ‘వద్దు’ అని పంపండి, మీ డబ్బు మొత్తం రేపే తిరిగి వేస్తాం.”

క్షమాపణకు రెండు ముక్కలు చాలు. తేదీతోపాటు వారం పేరూ ఉండాలి, అప్పుడు చదివేవారు పొరబడరు. కారణం ఒక్క వాక్యం దాటితే సాకులా వినిపిస్తుంది.

మూడో విడతవారి సంగతి వేరు. పండుగకు అందని అరిసెలు వాళ్లకు అక్కర్లేకపోవచ్చు. వాళ్లకు కొత్త తేదీ చెప్పి ఊరుకోకూడదు, ఏం చేయమంటారో అడగాలి: “పండుగలోపు అందించలేం. కనుమ తర్వాత 17, శనివారం పంపమంటారా, డబ్బు తిరిగి ఇవ్వమంటారా?” ఈ 30 మందికి ఫోన్ చేసి చెప్పడమే మర్యాద. జవాబు రానివారి ప్యాకెట్‌ను వాళ్ల మాట తెలియకుండా పంపకూడదు.

ఎంత బాగా రాసినా సందేశం చేరకపోతే లాభం లేదు. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ జాబితాతో పంపితే, అమ్మకందారు నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవారికే అది అందుతుంది. కొత్తగా ఆర్డరిచ్చినవారిలో చాలామంది సేవ్ చేసుకోరు. పంపిన గంట తర్వాత రెండు టిక్కులు పడనివారి పేర్లు రాసుకుని ఒక్కొక్కరికీ విడిగా పంపాలి. ఆ తొందరలో అందర్నీ ఒకే గ్రూపులో వేస్తే ఒకరి నంబరు అందరికీ తెలిసిపోతుంది. అది ఇంకో క్షమాపణకు దారి తీస్తుంది.

కొనేవారికీ ఒక దారి ఉంది. తేదీ చెప్పక, డబ్బూ తిరిగి ఇవ్వక తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. ఇక అమ్మేవారు వచ్చే సంక్రాంతికి రోజుకు ఎన్ని కిలోలు చేయగలరో ఆర్డర్ల పుస్తకం మొదటి పేజీలోనే రాసుకోండి. ఆ లెక్క నిండిన రోజున కొత్త ఆర్డర్లు ఆపేయండి.