కొరియర్ వసూళ్ల లెక్క సరిచూచుకొనే విధానం

చీరలు, పచ్చళ్లు, కొయ్యబొమ్మలు వంటి సరకులను పార్సెళ్లుగా పంపే చిరువ్యాపారులు బ్యాంకు శాఖకు వచ్చినప్పుడు తరచుగా ఒక మాట అంటుంటారు: "సరకు అమ్ముడుపోయింది. కొనుగోలుదారు డబ్బు ఇచ్చాడు. నా ఖాతాలో మాత్రం అంత పడలేదు." సరకు చేతికి అందినప్పుడు డబ్బు చెల్లించే క్యాష్ ఆన్ డెలివరీ పద్ధతిలో ఈ ఇబ్బంది సహజంగా ఎదురవుతుంది. ఇందులో కొనుగోలుదారు సొమ్మును మొదట పుచ్చుకొనేది విక్రేత కాదు, కొరియర్ సంస్థ. ఆ సంస్థ కొన్ని రోజులు సొమ్మును తనవద్ద ఉంచుకొని, తన ఛార్జీలు మినహాయించి, మిగిలినది పలు పార్సెళ్లకు కలిపి ఒకే మొత్తంగా ఖాతాకు పంపుతుంది. దానితోపాటు రెమిటెన్సు షీటు అనే చెల్లింపుల పట్టికను ఇస్తుంది. ఈ పట్టికను చదవడం తెలియనివారు తమకు న్యాయంగా రావలసినదాన్ని వదులుకుంటారు, లేదా రానిదానికోసం తగవు పడతారు.

మొత్తాన్ని కాదు, పార్సెలును సరిచూడాలి

చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, వారంలో పంపిన సరకు విలువను ఒకవైపు, బ్యాంకులో జమ అయిన మొత్తాన్ని మరొకవైపు ఉంచి తేడా చూడడం. ఆ తేడాలో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉంటాయి. ఇంకా గడువు రాని సొమ్ము ఒకటి, ఒప్పందం ప్రకారం తగ్గవలసిన సొమ్ము రెండవది, నిజంగా రావలసి ఉండి రాని సొమ్ము మూడవది. ఫిర్యాదు చేయదగినది మూడవది మాత్రమే. దానిని విడదీయాలంటే ప్రతి పార్సెలునూ దాని ఎయిర్ వేబిల్ సంఖ్యతో విడిగా చూడవలసిందే. ఒకే ధర గల చీరలు పది పంపినప్పుడు ధరనుబట్టి ఏ పార్సెలు ఏదో తెలియదు. ఆర్డరు సంఖ్య కూడా చాలదు, ఎందుకంటే ఒకే ఆర్డరు రెండు పార్సెళ్లుగా వెళ్లవచ్చు.

ఇందుకు మూడు కాగితాలు దగ్గర ఉంచుకోవాలి. మొదటిది విక్రేత స్వయంగా రాసుకొనే పంపకాల పుస్తకం. అందులో ఎయిర్ వేబిల్ సంఖ్య, పంపిన తేదీ, వసూలు కావలసిన మొత్తం, బరువు, పెట్టె కొలతలు, డెలివరీ తేదీ ఉండాలి. రెండవది కొరియర్ సంస్థ పట్టిక. మూడవది బ్యాంకు స్టేట్‌మెంటు. పట్టిక చివర ఉండే యు.టి.ఆర్. సంఖ్య బ్యాంకు స్టేట్‌మెంటులోనూ కనిపిస్తుంది. ఏ జమ ఏ పట్టికకు చెందినదో తెలిపేది ఆ సంఖ్యే.

ఒక ఉదాహరణ

మంగళగిరి చీరలు అమ్మే ఒక విక్రేత నెల మొదటి సోమవారంనాడు పన్నెండు పార్సెళ్లు పంపినట్లు అనుకుందాం. పదకొండు పార్సెళ్లలో ఒక్కొక్కదాని విలువ రూ. 1,500. పన్నెండవది రూ. 2,100. మొత్తం రూ. 18,600. సోమవారం నుండి ఆదివారం వరకు డెలివరీ అయిన పార్సెళ్ల సొమ్మును తరువాతి శుక్రవారం చెల్లించాలని ఒప్పందం. ఆ శుక్రవారం ఖాతాలో జమ అయినది రూ. 10,142.40 మాత్రమే. తేడా రూ. 8,457.60. సగానికి కొంచెం తక్కువ సొమ్ము కనబడకపోతే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది.

పట్టికను తన పుస్తకంతో వరుసవారీగా పోల్చినప్పుడు ఆ తేడా ఇలా విడిపోయింది:

తిరిగి వచ్చిన రెండు పార్సెళ్లు: రూ. 3,000.00
గడువు రాని ఒక పార్సెలు: రూ. 1,500.00
కొరియర్ ఛార్జీలు, జి.ఎస్.టి.: రూ. 1,557.60
డెలివరీ అయినా పట్టికలో లేని పార్సెలు: రూ. 1,500.00
తక్కువగా నమోదైన పార్సెలు: రూ. 900.00
మొత్తం: రూ. 8,457.60

ఇప్పుడు ఒక్కొక్క అంశాన్నీ పరిశీలిద్దాం.

ఆలస్యమా, గడువు రాలేదా?

గడువును పార్సెలు పంపిన తేదీనుండి కాక డెలివరీ అయిన తేదీనుండి లెక్కించాలి. పై ఉదాహరణలో ఒక పార్సెలు ఆదివారానికి బదులు సోమవారం డెలివరీ అయింది. ఆదివారం అంది ఉంటే దాని సొమ్ము ఐదు రోజుల్లో వచ్చేది. ఒక్కరోజు జరిగినందువల్ల అది తరువాతి వారపు లెక్కలోకి వెళ్లి, పదకొండు రోజులకు వస్తుంది. ఇది ఆలస్యం కాదు, ఒప్పందంలోని వారపు హద్దు ఫలితం. దీనిని పుస్తకంలో "వచ్చే శుక్రవారం" అని గుర్తు పెట్టుకుంటే చాలు.

శుక్రవారం గడిచినా జమ పడకపోతే మాత్రం అడగవలసిందే. బ్యాంకు సెలవు వల్ల ఆగిందనే సమాధానం ఇప్పుడు పూర్తిగా నిలవదు. 2019 డిసెంబరు 16 నుండి నెఫ్ట్ చెల్లింపులు సెలవు దినాలలో కూడా, రాత్రింబవళ్లు నడుస్తున్నాయి. ఆలస్యం సంస్థ కార్యాలయంలో జరిగి ఉండవచ్చు కనుక యు.టి.ఆర్. సంఖ్య ఇమ్మని అడగాలి. ఆ సంఖ్య ఇవ్వలేకపోతే సొమ్ము ఇంకా బయలుదేరలేదని భావించవచ్చు. సంఖ్య ఉండి కూడా జమ కనబడకపోతే, సంస్థవద్ద నమోదైన ఖాతా సంఖ్యను, ఐ.ఎఫ్.ఎస్. కోడును సరిచూడాలి. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఏర్పడ్డాయి. ఇటువంటి విలీనాల తరువాత తమ కోడు మారిందేమో శాఖలో తెలుసుకొని, మారి ఉంటే కొరియర్ సంస్థకు వెంటనే తెలపడం ఖాతాదారు బాధ్యత.

తగ్గించిన ఛార్జీలు సరైనవేనా?

ఈ విక్రేత ఒప్పందం ప్రకారం అర కిలో వరకు రవాణా ఛార్జీ రూ. 80, నగదు వసూలు ఛార్జీ రూ. 40. పట్టికలో డెలివరీ అయినట్లున్న ఎనిమిది పార్సెళ్లకు రూ. 960 అయింది. తిరిగి వచ్చిన రెండింటికి వసూలు ఛార్జీ లేదు. అయితే పోవడానికి, రావడానికి రెండుసార్లు రవాణా ఛార్జీ పడి రూ. 320 అయింది. ఒక పార్సెలుకు బరువు తేడా కింద రూ. 40 అదనంగా వేశారు. మొత్తం రూ. 1,320. దానిపై 18 శాతం జి.ఎస్.టి. రూ. 237.60. కలిపితే రూ. 1,557.60. లెక్క సరిపోయింది.

బరువు తేడాను విక్రేత మొదట అన్యాయమనుకున్నాడు. చీర తూకం 400 గ్రాములే కదా! కాని కొరియర్ సంస్థలు అసలు బరువును, పెట్టె పరిమాణాన్నిబట్టి వచ్చే బరువును పోల్చి, ఏది ఎక్కువైతే దానికి ఛార్జీ వేస్తాయి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5,000తో భాగిస్తే ఆ బరువు కిలోలలో వస్తుంది. మిగిలిన చీరలు 25, 20, 4 సెంటీమీటర్ల పెట్టెలలో వెళ్లాయి. వాటి లెక్క 0.4 కిలో. ఆ ఒక్క చీరను పెట్టెలు అయిపోయినందున 30, 25, 5 సెంటీమీటర్ల పెట్టెలో పెట్టారు. దాని లెక్క 0.75 కిలో, అంటే కిలో ఛార్జీ. సంస్థ లెక్క సరైనదే. కొలతలు పుస్తకంలో రాసి ఉన్నందువల్లనే విక్రేతకు ఈ సంగతి తగవు పడకముందే తెలిసింది.

తిరిగి వచ్చిన పార్సెళ్ల విషయంలో పట్టికలోని మాటను నమ్మి ఊరుకోరాదు. ఆ రెండు పార్సెళ్లూ నిజంగా తన దుకాణానికి చేరాయా, లోపలి సరకు తాను పంపినదేనా అని చూచి పుస్తకంలో తేదీ వేయాలి. చేరనివాటికి సరకు విలువనే అడగవలసి ఉంటుంది.

నిజంగా రావలసిన సొమ్ము

ఇక మిగిలినవి రెండు పార్సెళ్లు, రూ. 2,400. డెలివరీ అయినట్లు చూపుతూ పట్టికలో లేని పార్సెలు విషయంలో మొదట కొనుగోలుదారుకు ఫోను చేయాలి. సరకు అందిందా, ఏ రోజున, ఎంత చెల్లించారు, నోట్లా, యు.పి.ఐ. ద్వారానా అని అడిగి రాసుకోవాలి. అందిందంటే అది చెల్లింపు ఫిర్యాదు. అందలేదంటే అది సరకు పోయిన ఫిర్యాదు. దానికి గడువు, పరిహారపు పరిమితి వేరుగా ఉంటాయి కనుక రెంటినీ కలపరాదు.

రూ. 2,100 పార్సెలు పట్టికలో రూ. 1,200గా పడింది. అంకెలు తారుమారైనట్లు చూడగానే తెలుస్తుంది. అయినా ఫిర్యాదుకు ముందు పార్సెలుపై అంటించిన లేబులు నకలు తీసి చూడాలి. డెలివరీ చేసేవారు లేబులుపై ఉన్న మొత్తాన్నే వసూలు చేస్తారు. లేబులు తయారు చేసేటప్పుడు విక్రేతే 1,200 అని నమోదు చేసి ఉంటే, తప్పు సంస్థది కాదు. మిగిలిన రూ. 900 కొనుగోలుదారును మర్యాదగా అడగవలసిందే. లేబులుపై 2,100 ఉంటే ఆ నకలే సాక్ష్యం.

ఫిర్యాదును ఫోనుతో సరిపెట్టక రాతపూర్వకంగా పంపాలి. ఒక్కొక్క పార్సెలుకు ఎయిర్ వేబిల్ సంఖ్య, డెలివరీ తేదీ, రావలసిన మొత్తం, వచ్చిన మొత్తం, యు.టి.ఆర్. సంఖ్య ఒకే వరుసలో రాసి, లేబులు నకలు జతచేసి, డెలివరీ రుజువు పంపమని కోరాలి. "డబ్బు తక్కువ వచ్చింది" అనే ఫిర్యాదుకు జవాబు రావడం కష్టం. "ఫలానా పార్సెలుకు రూ. 900 తక్కువ" అంటే జవాబు చెప్పక తప్పదు. ఫిర్యాదుకు ఒప్పందంలో రోజుల గడువు ఉంటే ఆ గడువులోపలే పంపాలి. పట్టికలో లేని పార్సెలు సొమ్ము వచ్చినప్పుడు దాని రవాణా, వసూలు ఛార్జీలు, జి.ఎస్.టి. కలిపి రూ. 141.60 తగ్గి, రూ. 1,358.40 వస్తుంది. దానిని మళ్లీ తేడాగా భావించరాదు.

ఖాతా పుస్తకంలోనూ, బ్యాంకులోనూ

అమ్మకాన్ని చేతికి వచ్చిన మొత్తంగా రాయడం తప్పు. చీర రూ. 1,500కు అమ్మితే అమ్మకం రూ. 1,500గానూ, కొరియర్ ఛార్జీ ఖర్చుగానూ విడివిడిగా రాయాలి. జి.ఎస్.టి. రిటర్నులో అమ్మకం తక్కువగా పడకుండా ఇది కాపాడుతుంది.

క్యాష్ క్రెడిట్ పరిమితి ఉన్నవారు బ్యాంకుకిచ్చే సరకు నివేదికలో మరొక జాగ్రత్త పడాలి. దారిలో ఉన్న పార్సెలు ఇంకా సరకే. డెలివరీ అయి సొమ్ము రానిది రావలసిన బాకీ. ఒకే చీరను రెండుచోట్లా చూపితే లెక్క పెరిగినట్లు కనిపిస్తుంది, తనిఖీలో అది నిలవదు. పై ఉదాహరణలో ఆ శుక్రవారం నాటికి రావలసిన బాకీ, ఛార్జీలు తగ్గకముందు, రూ. 3,900. అందులో రూ. 1,500 వచ్చే శుక్రవారానిది, రూ. 2,400 ఫిర్యాదులో ఉన్నది. టర్మ్ లోన్ వాయిదాకు నమ్ముకోదగినది మొదటిదే. దానిలోనూ ఛార్జీలు పోను చేతికి వచ్చేది రూ. 1,358.40. వాయిదా తేదీకి ముందు వచ్చే శుక్రవారాన్ని గుర్తించి, ఆనాటికి ఎంత జమ కాగలదో ముందే రాసుకొన్న విక్రేతకు ఆ రోజున చేబదులు వెతుక్కోవలసిన అవసరం రాదు.