ఖర్చు తగ్గిందా, పని తగ్గిందా?

20 కిలోమీటర్ల రోడ్డును 20 నెలల్లో, 40 కోట్ల రూపాయలతో వేయాలని ఒక ప్రణాళిక ఉందనుకుందాం. లెక్క సులువుగా ఉండటానికి నెలకు 2 కోట్ల పని చొప్పున చూస్తే, పదో నెలాఖరుకు 20 కోట్ల పని జరగాలి. ఖాతా పుస్తకంలో ఖర్చు 18 కోట్లే. ఈ రెండు అంకెలే చూసినవారికి 2 కోట్లు మిగిలాయనిపిస్తుంది. అసలు తెలియాల్సిన మూడో అంకె అందులో లేదు. రోడ్డు మీద నిజంగా జరిగిన పనికి బడ్జెట్ ధర ప్రకారం విలువ ఎంత? దాన్నే ఆర్జిత విలువ అంటారు.

ఈ విలువను కొలతల పుస్తకం నుంచి తీస్తారు. కంకర పొర కిలోమీటరుకు బడ్జెట్‌లో 30 లక్షలు పెట్టి, 6 కిలోమీటర్లు పరిస్తే 1.8 కోట్లు ఆర్జించినట్టు. దానికి నిజంగా ఎంత ఖర్చయిందన్నది ఇక్కడ అనవసరం. రోడ్డు పక్కన గుట్టలుగా పోసిన కంకరను ఇందులో కలపకూడదు. పరిచి, రోలర్‌తో తొక్కించి, సాంద్రత పరీక్షలో నెగ్గిన పొరనే లెక్కించాలి. ఈ పట్టు సడలితే మిగతా లెక్కంతా ఉత్తదే.

అలా కొలిస్తే పదో నెలకు 16 కోట్ల పనే తేలిందనుకుందాం. 16ను 18తో భాగిస్తే వ్యయ పనితీరు సూచిక 0.89. అంటే పెట్టిన ప్రతి రూపాయికీ 89 పైసల పనే దక్కింది. 16ను 20తో భాగిస్తే కాల పనితీరు సూచిక 0.80. ఒకటికి తక్కువైతే వెనుకబాటే. ఖర్చు తీరు ఇలాగే సాగితే 40 కోట్ల రోడ్డుకు సుమారు 45 కోట్లవుతుంది.

అయితే ఆ 18 కోట్లనూ గట్టిగా ప్రశ్నించాలి. డీజిల్, రోలర్ అద్దె, సబ్ కాంట్రాక్టర్ బిల్లులు 2 కోట్ల మేర చెల్లించకుండా ఉంటే అసలు ఖర్చు 20 కోట్లు. అప్పుడు వ్యయ సూచిక 0.80కి, తుది అంచనా 50 కోట్లకు చేరతాయి. ఖర్చును బిల్లు కట్టిన రోజున కాక, పని జరిగిన నెలలోనే రాయాలి.

కాల సూచికకు వేరే లోపం ఉంది. అది రూపాయల్నే చూస్తుంది, పనుల వరసను చూడదు. 12వ కిలోమీటరు దగ్గర కాలువ మీది కల్వర్టు ఆగిపోయినా, సాఫీ భాగంలో మట్టి పని జోరుగా సాగితే సూచిక బాగానే కనిపిస్తుంది. చివరికి తారు అక్కడే ఆగుతుంది. అందుకే దాన్ని కీలక పనుల వరసతో కలిపి చదవాలి. పైగా పని మొత్తం పూర్తయ్యాక ఆర్జిత విలువ 40 కోట్లే అవుతుంది కాబట్టి, ఆరు నెలలు ఆలస్యమైన రోడ్డుకు కూడా కాల సూచిక ఒకటికి వచ్చేస్తుంది. కాబట్టి చివరి దశలో నెలల్లో పోల్చడమే నమ్మకం: 16 కోట్ల పని ప్రణాళిక ప్రకారం ఎనిమిదో నెలకే కావాలి, అయింది పదో నెలకు, వెనుకబాటు రెండు నెలలు.