లట్ వేయకముందే వెలుతురు సర్దాలి

పెళ్ళి వీడియో తీసినవాళ్ళు కార్డులోంచి కంప్యూటర్‌లోకి దించిన ఫుటేజీని పెళ్ళివారు అప్పటికప్పుడు చూస్తే కంగారుపడతారు. పట్టుచీర వెలిసిపోయి ఉంటుంది. పసుపులో పసుపుదనం కనిపించదు. తెరంతా బూడిద పొర కమ్మినట్టుంటుంది. కెమెరాకు ఏమీ కాలేదు, దాన్ని లాగ్‌లో తీశారు, అంతే. ఆ పాలిపోయిన బొమ్మను మళ్ళీ నిండుగా చేసే పనిలో ఎక్కువమంది తడబడేది ఒకే చోట. లట్ ముందు వేసి, వెలుతురు తర్వాత సర్దబోతారు. ఆ వరుస తిరగబడితే ఏం పోతుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

సోనీ మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఉండే S-Log3నే తీసుకుందాం. పది బిట్ల వీడియోలో ప్రతి వెలుతురు స్థాయికీ సున్నా నుంచి 1023 వరకు ఒక అంకె ఉంటుంది. వెలుతురు రెట్టింపైతే దాన్ని ఒక స్టాప్ అంటారు. మామూలు వీడియోలో ప్రకాశవంతమైన భాగాలు త్వరగా తెల్లగా మాడిపోతాయి. లాగ్ అలా కాకుండా ఒక్కో స్టాప్‌కూ దాదాపు సమానంగా అంకెలు పంచుతుంది. అందుకే S-Log3లో ఫొటోగ్రాఫర్లు వాడే 18 శాతం గ్రే కార్డు 420 దగ్గర పడుతుంది, తెల్ల కాగితం 598 దగ్గరే ఆగిపోతుంది. ఆ పైనున్న చోటంతా ఎండలో మెరిసే జరీకి, దీపాలకు, కిటికీ అవతలి ఆకాశానికి కేటాయించినదే. తెలుపు కూడా మధ్యలోనే కూర్చుంటుంది కనుక బొమ్మ చప్పగా కనబడుతుంది.

దీన్ని టీవీకీ ఫోన్‌కూ సరిపడే Rec.709 బొమ్మగా మార్చేదే కన్వర్షన్ లట్. ‘.cube’ అనే పేరుతో ముగిసే ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే లోపల ఉండేవి అంకెలే. పైన ఇలాంటి వరుస కనిపిస్తుంది:

```
LUT_3D_SIZE 33
```

ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికీ 33 మెట్లు అని దాని అర్థం. ఫలానా రంగు వస్తే ఫలానా రంగు ఇవ్వు అని చెప్పే పట్టిక అది. ఇక్కడ గుర్తుపెట్టుకోవలసింది ఒకటే: ఆ పట్టికకు మీ పెళ్ళిపందిరి తెలియదు, మీరు ఎంత వెలుతురు తీసుకున్నారో తెలియదు. 420 వస్తే అది మధ్యస్థ బూడిద అనుకుంటుంది, 598 వస్తే తెలుపు అనుకుంటుంది.

ఇప్పుడు ముహూర్తం వేళకు వద్దాం. పగటిపూట, ఆరుబయట పందిరి. వధూవరులు ఎర్రంచు తెల్ల మధుపర్కాలు కట్టుకుని కూర్చున్నారు. కెమెరామన్ కావాలనే రెండు స్టాపులు ఎక్కువ వెలుతురు తీసుకున్నాడు. అది తప్పు కాదు. లాగ్‌లో నీడల్లో గ్రెయిన్ ఎక్కువగా కనబడుతుంది. ముందు ఎక్కువ వెలుతురు తీసుకుని తర్వాత తగ్గిస్తే నల్లని జుట్టు, నీడలు శుభ్రంగా వస్తాయి. పైన చోటుంది కాబట్టి మధుపర్కం కూడా మాడదు. కాకపోతే అంకెలు జరుగుతాయి. గ్రే కార్డు 420కి బదులు 573 దగ్గర, మధుపర్కం తెలుపు 598కి బదులు రమారమి 754 దగ్గర పడతాయి.

ఈ ఫుటేజీ మీద నేరుగా లట్ వేస్తే, 573ని అది దాదాపు తెలుపుగా లెక్కిస్తుంది. ముఖాలు పాలిపోతాయి. మధుపర్కం తెల్లటి మచ్చలా అయిపోతుంది. అప్పుడు ఎడిటర్ ఎక్స్‌పోజర్ తగ్గిస్తాడు. ముఖాలు కొంత దారిలో పడతాయి గాని, చీర మాత్రం తెలుపు తగ్గి బూడిదరంగు ముద్దగా మారుతుంది. దగ్గరికి జూమ్ చేసి చూస్తే నేత కనబడదు, మడతల మధ్య నీడ కనబడదు. ఎందుకంటే, తన తెలుపుకు పైనున్న అంకెలన్నిటినీ లట్ కొస అంచులోని ఇరుకు చోట్లోకి కుక్కేసింది. అలా ఒకదానిమీద ఒకటి పడ్డ తేడాలను తర్వాత విడదీయడం సాధ్యం కాదు. నిజానికి ఆ నేత ఫుటేజీలో ఉంది. అది వరుస తప్పడం వల్లే పోయింది, నాకు బాధ కలిగించేది అదే.

అందుకని డావిన్సీ రిజాల్వ్‌లో మొదటి నోడ్‌లో వెలుతురు సర్ది, రెండో నోడ్‌లో లట్ వేయాలి. వైట్ బ్యాలెన్స్ కూడా మొదటి నోడ్‌లోనే. వేవ్‌ఫామ్ తెరిచి, గ్రే కార్డు గీత 573 నుంచి 420కి వచ్చేదాకా Offset చక్రం తగ్గించాలి. కార్డు పెట్టి తీయకపోతే, ముఖం మీద పడే వెలుతురులోనే ఉన్న ఉతికిన తెల్ల బట్టను చూసి దాన్ని 600 దరిదాపుల్లో నిలపవచ్చు. ప్రీమియర్‌లో ఇంకో చిక్కుంది. లుమెట్రిలో Input LUT పెట్టెలో లట్ ఎక్కిస్తే అది ముందు పనిచేస్తుంది, కిందనున్న Exposure ఆ తర్వాత పనిచేస్తుంది. మనం వద్దనుకున్న వరుస అదే. రెండు లుమెట్రిలు వేసి, మొదటిదాంట్లో వెలుతురు, రెండోదాంట్లో లట్ పెట్టుకుంటే సరిపోతుంది.

Offset తో ఒక ఇబ్బంది ఉంది. అది అన్ని అంకెల నుంచీ ఒకే మొత్తం తీసేస్తుంది. మధ్య స్థాయిల్లో అది నిజంగా వెలుతురు తగ్గించినట్టే ఉంటుంది గాని, S-Log3లో కటిక నలుపే 95 దగ్గర ఉంటుంది, గాఢమైన నీడల్లో అంకెల మధ్య ఎడమూ తక్కువే. కొప్పు నీడలో 150 ఉందనుకోండి. అందులోంచి 153 తీస్తే సున్నా కిందికి పడి, జుట్టంతా నల్ల ముద్దవుతుంది. నిజంగా వెలుతురును నాలుగో వంతు చేస్తే అది 109 దగ్గర ఆగాలి. ఇలా కనబడితే మూడు నోడ్‌ల దారి మేలు. మొదటిదాంట్లో Color Space Transform తో S-Log3ని Linear చేయాలి. రెండోదాంట్లో Gain 0.25కి దించాలి, ఒక స్టాప్‌కైతే 0.50. మూడోదాంట్లో మళ్ళీ S-Log3కి తేవాలి. రెండు మార్పిడుల్లోనూ Tone Mapping ను None చేసి, రంగు పరిధిని మార్చకుండా ఉంచాలి. లట్ ఆ తర్వాతే.

ఏ దారిలో వెళ్ళినా తిరిగిరానిది ఒకటుంది. సెన్సర్ పట్టగలిగిన దానికి మించి వెలుతురు పడితే, వేవ్‌ఫామ్ పైభాగంలో, సోనీలో దాదాపు 94 శాతం దగ్గర, గీత కోసినట్టు చదునుగా కనబడుతుంది. ఎక్స్‌పోజర్ తగ్గిస్తే అది చదునుగానే కిందికి దిగుతుంది. అక్కడ వివరమే లేదు. ఇక ఎనిమిది బిట్లే రికార్డు చేసే పాత బాడీల్లో 256 స్థాయిలే ఉంటాయి కనుక, రెండు స్టాపుల సవరణ చేస్తే ఆకాశంలో మెట్లు మెట్లుగా చారలు పడవచ్చు.

లట్ పేరు కూడా చూసి వేయాలి. S-Gamut3.Cine లో తీసినదానికి ఆ పేరున్న లట్టే వేయాలి. పానసోనిక్ V-Log కోసం చేసినది వేస్తే బొమ్మ నిండుగానే కనబడుతుంది గాని, చర్మం రంగు మాత్రం ఎటో పోతుంది, ఆ తర్వాత ఎంత సర్దినా కుదరదు. ప్రాజెక్టులో కలర్ మేనేజ్‌మెంట్ పెట్టుకున్నవాళ్ళు మళ్ళీ లట్ వేయకూడదు. మార్పిడి రెండుసార్లు జరిగి నలుపులు గట్టిపడి, కుంకుమ ఎరుపు నిప్పులా మండుతుంది.

వెలుతురుకూ లట్‌కూ వేర్వేరు నోడ్‌లు ఉంటే మిగతా క్లిప్పుల పని తేలికవుతుంది. పందిరి కింద రెండు స్టాపులు ఎక్కువ తీసి ఉంటారు, అప్పగింతల వేళకు చీకటి పడి సరిగ్గా తీసి ఉంటారు. లట్ నోడ్‌ను అన్నిటికీ యథాతథంగా కాపీ చేసి, ఒక్కో క్లిప్పుకూ ముందు నోడ్‌లోని వెలుతురు మాత్రం మార్చుకుంటూ పోతే, పందిట్లో ఉన్న పెళ్ళికూతురి ముఖం కారెక్కేటప్పుడూ అదే రంగులో ఉంటుంది.