కిరాణా షాపు ఫోన్ రోజంతా 'స్టాక్ తక్కువ' అంటూ మోగుతోందా? తప్పు యాప్‌ది కాదు.. ఆ ఒక్క అంకెది!

పల్నాడు: ఉదయం ఏడు గంటలు. గురజాలలో ఓ కిరాణా షాపు అప్పుడే తెరిచారు. కౌంటర్ మీద ఫోన్ టింగుమంది. 'గాస్కెట్ స్టాక్ తక్కువగా ఉంది'. రెండు నిమిషాలకు మళ్లీ టింగుమంది. ఈసారి షూ పాలిష్. ఆ తర్వాత పాల ప్యాకెట్లు, అగ్గిపెట్టెలు, పిల్లల దువ్వెనలు.. మధ్యాహ్నానికి నలభై దాకా వచ్చాయి. విసుగొచ్చి సౌండ్ ఆపేశారు. సాయంత్రం మిర్చి కోతల నుంచి వచ్చిన కూలీ ఒకామె లీటరు నూనె అడిగితే అయిపోయింది. నూనె అలర్ట్ వచ్చింది నిజమే. ఆ నలభైలో ఎక్కడో కలిసిపోయింది.

ఇది ఏ ఒక్క షాపు కథో కాదు, ఊహించి చెప్పిన ఉదాహరణే. కానీ బిల్లింగ్ యాప్ పెట్టుకున్న చిన్న షాపుల్లో ఈ బాధ చాలామందికి తెలిసిందే. నూనె లేదంటే కస్టమర్ ఒక్క నూనెతో ఆగడు. మొత్తం చీటీ పట్టుకుని పక్క షాపుకు వెళ్తాడు. మరి ఈ మోతను తగ్గించి, మోగాల్సింది మాత్రం మోగేలా చేయడం ఎలా? అదే గురజాల షాపు లెక్కతో చూద్దాం.

అన్నిటికీ 10 పెడితే జరిగేది ఇదే

కొత్త వస్తువును యాప్‌లో చేర్చేటప్పుడు కనీస స్టాక్ ఎంత అని ఒక గడి ఉంటుంది. వ్యాపార్‌లో అది Min Stock To Maintain అని, టాలీలో Reorder Level అని కనిపిస్తుంది. పేరు ఏదైనా పని ఒకటే. స్టాక్ ఆ అంకె దాకా దిగితే చెబుతుంది. మొదటి రోజు మూడు వందల వస్తువులు ఎక్కించే హడావుడిలో చాలామంది అన్నిటికీ ఒకే అంకె కొట్టేస్తారు. ఎక్కువగా 10.

ఇప్పుడు ఆ 10 అంటే ఏంటో చూడండి. కుక్కర్ గాస్కెట్లు నెలకు రెండు అమ్ముడవుతాయి. పది గాస్కెట్లంటే ఐదు నెలల సరుకు. షాపులో ఆరు ఉన్నా ఫోన్ మొత్తుకుంటూనే ఉంటుంది. అదే పంచదార కిలోల్లో ఎక్కించి ఉంటే, పది కిలోలు పూటలో అయిపోతాయి. అలర్ట్ వచ్చేసరికి బస్తా అడుగు కనిపిస్తుంటుంది. పంచదారను బస్తాల్లో ఎక్కిస్తే ఇంకో తంటా. 50 కిలోల బస్తాలు పది గోడౌన్‌లో పెట్టుకునే చిన్న షాపు ఎక్కడుంది? కాబట్టి ఆ అలర్ట్ ఎప్పటికీ ఆగదు. అందుకే అంకె మార్చే ముందు ఆ వస్తువు ఏ కొలతలో ఎక్కిందో చూడాలి. పెట్టెల్లో కొని ప్యాకెట్లలో అమ్మేవాటికి 'ఒక పెట్టెకు ఇన్ని ప్యాకెట్లు' అని యాప్‌కు చెప్పకపోతే, నిండు పెట్టె వచ్చినా స్టాక్ 1 అనే చూపిస్తుంది.

ముందు అడగాల్సింది: అలర్ట్ వస్తే చేసేదేంటి?

అంకె సంగతి తర్వాత. అలర్ట్ వచ్చిన ఆ నిమిషంలో షాపాయన ఏమైనా చేయగలరా? అసలు మెలిక ఇక్కడే ఉంది. షాపులోకి సరుకు అంతా ఒకేలా రాదు.

నూనె, పంచదార, కందిపప్పు లాంటివి పిడుగురాళ్ల హోల్‌సేల్‌కు ఫోన్ కొడితే రెండో రోజుకు ఆటోలో వస్తాయనుకుందాం. వీటికి అలర్ట్ వెంటనే రావాల్సిందే. వచ్చిన వెంటనే ఫోన్ చేయొచ్చు.

బిస్కెట్లు, సబ్బులు, షాంపూలు అలా కాదు. డిస్ట్రిబ్యూటర్ సేల్స్‌మ్యాన్ వారానికి ఒకరోజు, అనుకుందాం మంగళవారం, వచ్చి ఆర్డర్ రాసుకుంటాడు. సరుకు గురువారం దిగుతుంది. ఈ వస్తువుల అలర్ట్ బుధవారం మోగితే షాపాయన చేసేదేమీ లేదు. మళ్లీ మంగళవారం దాకా ఆగాల్సిందే. అయినా రోజూ మోగుతుంది. మోత ఎక్కువగా వచ్చేది ఇక్కడి నుంచే. వీటికి ఫోన్ నోటిఫికేషన్ ఆపేసి, సోమవారం రాత్రి షాపు కట్టే ముందు తక్కువ స్టాక్ రిపోర్ట్ ఒక్కసారి చూసుకుంటే చాలు. నోటిఫికేషన్‌ను వస్తువు వారీగా ఆపే వీలు లేని యాప్ అయితే నోటిఫికేషన్లు మొత్తం ఆపేసి, ఫోన్ ఆర్డర్ వస్తువుల లిస్టును రోజూ ఉదయం ఒకసారి చూడటం మేలు.

ఇక పాల ప్యాకెట్లు రోజూ తెల్లారేసరికి వస్తాయి. సాయంత్రానికి అయిపోవడమే వాటి లక్షణం. వీటికి అలర్ట్ అక్కర్లేదు. గాస్కెట్లు, షూ పాలిష్ లాంటివి కూడా అంతే. అయిపోయినా కొంప మునగదు. కనీస స్టాక్ గడిలో సున్నా పెట్టండి, లేదా ఖాళీగా వదిలేయండి.

నూనె ప్యాకెట్ లెక్క ఇలా

ఫోన్ కొడితే వచ్చే వస్తువుకు లెక్క తేలికే. సరుకు రావడానికి పట్టే రోజుల్లో, బాగా గిరాకీ ఉన్నా షాపు ఖాళీ కాకూడదు. గత నెల లీటరు నూనె ప్యాకెట్లు 180 అమ్ముడయ్యాయనుకోండి. రోజుకు సగటున 6. బాగా అమ్ముడైన రోజు 10. సరుకు రావడానికి 2 రోజులు. కాబట్టి 10ని 2తో గుణిస్తే 20. అదే అలర్ట్ అంకె. మామూలు రోజుల్లో ఆటో వచ్చేసరికి ఇంకా ఏడెనిమిది ప్యాకెట్లు అరలో మిగిలే ఉంటాయి. ఆ మిగులే అనుకోని గిరాకీకి అండ. ఆదివారం హోల్‌సేల్ సెలవైతే ఒకరోజు సగటు, అంటే మరో 6 కలిపి 26 పెట్టుకోవాలి.

బాగా అమ్ముడైన రోజును తీసుకునేటప్పుడు ఒక జాగ్రత్త. ఎవరింట్లోనో పెళ్లికి ఒకేసారి 40 ప్యాకెట్లు వెళ్లి ఉంటే ఆ రోజును పక్కన పెట్టేయాలి. దాన్ని లెక్కలోకి తీసుకుంటే అలర్ట్ అంకె 80కి చేరుతుంది. ఇక నెలంతా మోతే.

మంగళవారం సరుకుకు లెక్క వేరు

ఐదు రూపాయల బిస్కెట్ రోజుకు 12 ప్యాకెట్లు పోతుందనుకుందాం. సరుకు రావడానికి రెండు రోజులే కదా, 24 చాలు అనిపిస్తుంది. చాలామంది తప్పేది ఇక్కడే. ఈ మంగళవారం ఆర్డర్ ఇవ్వకపోతే మళ్లీ ఆర్డర్ పై మంగళవారమే. ఆ సరుకు దిగేది ఆ తర్వాత గురువారం. అంటే చేతిలో ఉన్న సరుకు 9 రోజులు రావాలి. 12ను 9తో గుణిస్తే 108. సేల్స్‌మ్యాన్ ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే అనుకుని మరో 24 కలిపితే 132.

పెట్టెకు 120 ప్యాకెట్లు వస్తాయనుకుంటే, మంగళవారం ఉదయానికి 90 ఉంటే ఒక పెట్టె రాయించాలి. 150 ఉంటే స్కీమ్ ఉందని సేల్స్‌మ్యాన్ ఎంత బతిమాలినా ఆ వారానికి వద్దనొచ్చు. సున్నితంగా వద్దనడానికి ఈ అంకె బాగా పనికొస్తుంది కూడా.

మూడు వందల వస్తువులకూ ఈ లెక్క వేసే పని లేదు. ఫోన్ ఆర్డర్‌తో వచ్చే ముప్పై, నలభై ముఖ్యమైన వస్తువులకు వేస్తే చాలు. మంగళవారం సరుకుకు కంపెనీ వారీగా ఒకసారి కూర్చుంటే అయిపోతుంది.

అలర్ట్ రాలేదు, కానీ సరుకు లేదు!

ఇది ఇంకో రకం తిప్పలు. ఉదయం రద్దీలో పది రూపాయల వస్తువులకు బిల్లు కొట్టరు. ఖాతా వాళ్లకు సరుకు ఇచ్చి చిన్న పుస్తకంలో రాసుకుంటారు. యాప్‌లో ఎక్కదు. దాంతో ఫోన్‌లో 30 ప్యాకెట్లు, అరలో 8. అలర్ట్ రమ్మన్నా రాదు. దీనికి తిరగేసి ఇంకోటి ఉంది. సరుకు దిగింది, కొనుగోలు బిల్లు ఎక్కించడం మర్చిపోయారు. అప్పుడు స్టాక్ మైనస్ 4, మైనస్ 9 అని చూపిస్తూ మోగుతూనే ఉంటుంది. స్టాక్ లిస్టులో మైనస్ కనిపించిందంటే అంకె మార్చొద్దు, ముందు ఎక్కని బిల్లు కోసం వెతకండి. ఆ నలభై వస్తువులను రోజుకు ఐదారు చొప్పున చేత్తో లెక్కపెట్టి సరిచేసుకుంటే వారంలో ఒక చుట్టు పూర్తవుతుంది.

ఆర్డర్ పెట్టాక కూడా సరుకు దిగేదాకా మోగడం మరో విసుగు. టాలీ వాడేవాళ్లు కొనుగోలు ఆర్డర్‌ను అందులోనే నమోదు చేస్తే Reorder Status రిపోర్ట్ రావాల్సిన సరుకును కూడా కలిపి చూపిస్తుంది. ఆ వీలు లేని యాప్‌లో ఆర్డర్ పెట్టిన వస్తువులను ఓ చీటీ మీద రాసి కౌంటర్ దగ్గర అంటించుకోవడమే. పాత పద్ధతే, కానీ పని చేస్తుంది.

తిరునాళ్లకు పెంచి, తర్వాత తగ్గించాలి

నెల సగటుకు పండగలు తెలియవు. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల అంటే నరసరావుపేట చుట్టుపక్కల షాపుల్లో వాటర్ బాటిళ్లు, కర్పూరం, కూల్‌డ్రింకుల గిరాకీ వేరే లెవెల్‌లో ఉంటుంది. కార్తీకంలో కారంపూడి పల్నాటి వీరుల ఉత్సవాలప్పుడూ అంతే. మిర్చి కోతలకు బయటి ఊళ్ల నుంచి కూలీలు దిగితే పల్లె షాపుల్లో బియ్యం, నూనె, టీ పొడి త్వరగా అయిపోతాయి. ఇక ఎండల్లో రెంటచింతల పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. అక్కడ ఏప్రిల్ కూల్‌డ్రింక్ లెక్కను ఫిబ్రవరి సగటుతో వేస్తే ఫ్రిజ్ ఖాళీయే.

ఇలాంటప్పుడు గత ఏడాది అదే వారం బిల్లులు తీసి చూసి, పది రోజుల ముందే ఆ కొన్ని వస్తువుల అంకె పెంచాలి. పెంచినవాటి పేర్లు, పాత అంకెలు ఒక కాగితం మీద రాసుకోవాలి. ఎందుకంటే పెంచడం అందరికీ గుర్తుంటుంది, తగ్గించడమే గుర్తుండదు. శివరాత్రికి 10 నుంచి 60కి పెంచిన కర్పూరం అంకె అలాగే ఉండిపోతే ఏడాదంతా కర్పూరం అలర్టే.

అంకెలు సరిపోయాయో లేదో రెండు వారాల్లో తెలిసిపోతుంది. ఒక వస్తువు అలర్ట్ మూడుసార్లు వచ్చినా ఆర్డర్ పెట్టాల్సిన అవసరం రాలేదంటే ఆ అంకె ఎక్కువైంది, సగానికి దించొచ్చు. అలర్ట్ చూసి వెంటనే ఫోన్ చేసినా, సరుకు దిగేలోపు అర ఖాళీ అయిందంటే తక్కువైంది. ఇంకో రోజు అమ్మకం కలపాలి. కస్టమర్ అడిగి లేదనిపించుకున్న వస్తువును మాత్రం ఏ యాప్ లెక్కపెట్టదు. దాన్ని అప్పటికప్పుడు చీటీ మీద రాసుకోవాల్సింది కౌంటర్‌లో కూర్చున్నవాళ్లే.