గోడకు గడియారం, బస్సులో మనిషి

చిత్తూరులో రైలెక్కి, పాకాల మీదుగా వచ్చి తిరుపతిలో దిగినామని ఒకరంటే, మనకు అందులో తికమక ఏమీ ఉండదు. అదే మాట ఇంగ్లీషులో చెప్పబోయే పిల్లవాడు ‘లో’ అంటే ‘ఇన్’ అని నేర్చుకుని ఉంటే మాత్రం అక్కడే తడబడతాడు. రైలు దిగే చోటుకు ఇంగ్లీషువాళ్లు ‘ఎట్ తిరుపతి’ అంటారు. కాపురముండే ఊరైతే ‘ఇన్ తిరుపతి’. బస్సులో ఉంటే ‘ఆన్ ది బస్’, ఆటోలో ఉంటే ‘ఇన్ ది ఆటో’, ఫోన్లో ఉంటే ‘ఆన్ ది ఫోన్’. మన ఒక్క ‘లో’ అక్కడ మూడు ముక్కలైంది.

తిరగేసి చూసినా అంతే. బల్ల మీద చెంబు, గోడకు గడియారం, వేలికి ఉంగరం అంటాం. ఇంగ్లీషు ఈ మూడింటికీ ‘ఆన్’తోనే సరిపెడుతుంది. పైన ఆనుకుని ఉన్నదానికి ‘మీద’, తగిలించి, తొడిగి ఉన్నదానికి ‘కు, కి’ అని తెలుగు తేడా చూపుతుంది. డచ్చి భాష కూడా చెంబుకు ‘ఓప్’, గోడకున్న పటానికి ఇంగ్లీషుది కాని మరో ‘ఆన్’ అని విడదీస్తుంది. చిత్తూరు పక్కనే వినిపించే తమిళం మనకెంత దగ్గరిదైనా, గోడకూ వేలికీ ‘లో’కు సమానమైన ‘ఇల్’ వాడుతుంది.

వస్తువులూ స్థలాలూ అందరికీ ఒకటే. వాటిని ఏ గుంపులో వేయాలన్నదే భాషకో తీరు. సూంజా చోయ్, మెలిస్సా బోవర్‌మన్ 1991లో ప్రచురించిన పరిశోధనలో, కొరియా పిల్లలూ ఇంగ్లీషు పిల్లలూ రెండేళ్లు నిండకముందే ఎవరి భాష గీసిన గీతల్ని బట్టి వాళ్లు మాట్లాడుతున్నారని తేలింది. పసితనంలో గీసిన ఆ గీతలు పెద్దయ్యాక ఒక్కొక్క మాటకు అర్థం బట్టీపట్టినంత మాత్రాన చెరగవు.

అందుకే నోటుబుక్కులో ‘లో = ఇన్’ అని రాయకూడదు. ‘ఐ గాట్ ఆఫ్ ఎట్ తిరుపతి’ అని మొత్తం వాక్యం రాసి, పైకి అనాలి. తర్వాత ఊరిపేరు ఒక్కటే మార్చి రేణిగుంట, పాకాల, చంద్రగిరి అంటూ పోవాలి. ‘ఎట్’ అనే చిన్నమాట కదలదు, దానికి తోడున్న క్రియా కదలదు. ‘ఆన్ ది బస్’ దగ్గర బస్సు తీసి రైలు పెట్టవచ్చు, విమానం పెట్టవచ్చు. ఆటో, కారు పెడితే తప్పవుతుంది. లేచి నిలబడి నడవగలిగే బండికి ‘ఆన్’, ఒదిగి కూర్చునే బండికి ‘ఇన్’ అన్నది చాలావరకు నిలిచే సూత్రం. సైకిలు దానికి లొంగదు. అది ఎక్కి కూర్చునేది కనుక ఇంగ్లీషులోనూ ‘ఆన్’, మనకూ ‘మీద’. కాబట్టి సూత్రం కంటే ముందు వాక్యాలు పోగేసుకోవాలి.

పిల్లవాడికి వచ్చిందో లేదో తెలియాలంటే, మర్నాడు తెలుగు వాక్యం మాత్రమే చూసి ఇంగ్లీషు చెప్పించండి. చిన్నమాట ముందు క్షణం ఆగినా, ‘ఇన్‌’నా, ‘ఎట్‌’నా అని వెతుక్కున్నా, వాక్యం ఇంకా నోటికి అతకలేదన్నట్టు. మళ్లీ మొత్తం వాక్యమే అనిపించాలి, చిన్నమాటను విడిగా దిద్దకూడదు.